దాదా, బౌది, కాకు... లేక అంకుల్, ఆంటీ?

కోల్‌కతాలో అద్దెకు దిగిన మొదటి వారమే వరసల్లో బోల్తాపడ్డాను. ఇంటి ఓనర్‌ని అందరూ పిలిచినట్టే దాదా అన్నాను. ఆయన భార్య టీ ఇస్తే "థాంక్యూ ఆంటీ" అన్నాను. ఆయన నవ్వి, "నేను నీకు అన్నయ్యనైతే ఆవిడ ఆంటీ ఎలా అయింది? బౌది అను" అన్నారు. నిజమే, దాదా భార్య బౌదే, అంటే మన వదిన. అలాగే కాకు అని పిలిస్తే ఆయన భార్య కాకిమా. మగాయనకు ఒక వరస పెట్టాక ఇంట్లోవాళ్లందరికీ అదే లెక్క సాగాలి. అంకుల్, ఆంటీలతో ఈ తలనొప్పి లేదు.

కానీ పోయేదీ అక్కడే. కాకు అంటే నాన్నకు తమ్ముడు, మన బాబాయి. నాన్నకు అన్న అయితే జెఠు. అమ్మ తమ్ముడైనా అన్నైనా మామా. అమ్మ అక్కచెల్లెళ్ల భర్త మేసో, మేనత్త భర్త పిసే. అంకుల్ ఈ అందర్నీ ఒకే గాటన కట్టేస్తుంది. పక్కింటాయన్ని కాకు అనాలా, జెఠు అనాలా అని బెంగాలీ పిల్లాడు చూసుకునేది ఒక్కటే: నాన్నకన్నా చిన్నా, పెద్దా?

మనకూ ఇవన్నీ ఉన్నాయిగా అనుకుంటే ఒకచోట దెబ్బతింటాం. మనకు మేనత్త కూతురు పెద్దదైతే వదిన. బెంగాలీ హిందువుల్లో మేనరికాలు లేవు, కాబట్టి అక్కడ ఆమె దిది, అంటే అక్క. మేనమామ కొడుకు కూడా అన్నో తమ్ముడో అవుతాడు. మన బావ, మరదలు సరసం అక్కడ ఎత్తితే ఇబ్బందే.

బౌదితో ఇంకో చిక్కుంది. అది భర్త మీదుగా వచ్చే పిలుపు. అందుకే ఆఫీసులో సీనియర్ మహిళను పేరు చివర "ది" చేర్చి పిలవడమే నయం, మగాళ్లకు "దా" చేర్చినట్టు. బెంగాలీ ముస్లిం ఇళ్లలోనైతే దాదా అంటే నాన్న నాన్న! అన్నకు భాయ్, బాబాయికి చాచా. పాతికేళ్లవాడిని దాదా అంటే తాతను చేసినట్టే.

కాబట్టి వాళ్ల ఇంటి పద్ధతి తెలియనప్పుడు, ఒక్కసారి కలిసి వెళ్లిపోయే చోట అంకుల్‌తో సరిపెట్టుకోవచ్చు. రోజూ ముఖాలు చూసుకునే వీధిలో మాత్రం నా ఓటు దాదా, కాకు అనే పిలుపులకే. మా ఓనర్ ఒప్పుకోరేమో! చేపలు కోసే కుర్రాడు నిన్నటిదాకా దాదా అని, ఒక ఆదివారం ఉన్నట్టుండి "కాకు, తల ఉంచమంటారా?" అన్నాడట. ఆ రోజే జుట్టుకు రంగు తెచ్చుకున్నారు.