బాయిలర్ ట్యూబులు మార్చాం: ఖర్చులో వేయాలా, ఆస్తిలో వేయాలా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే రైస్ మిల్లుల అకౌంటెంట్ల దగ్గర్నుంచి నాకు ఒకటే ప్రశ్న. "సార్, ఈ బిల్లు రిపేర్లలో వేసేదా, మెషినరీకి కలిపేదా?" దానికి ముందే యజమాని వాళ్ళకు రెండు మాటలు చెప్పి ఉంటాడు. పన్ను తగ్గాలి, బ్యాంకులో సీసీ లిమిట్ పెంచుకోవడానికి లాభం మాత్రం బాగా కనబడాలి. ప్రతి బిల్లుతోనూ రెండూ జరగవని తెలిసినా అడుగుతూనే ఉంటారు.

చిన్న సంగతులు ముందు తేల్చేస్తాను. రబ్బర్ రోల్సు, జల్లెడలు, ఎలివేటర్ బెల్టు, బకెట్లు, బేరింగులు, మోటార్ రీవైండింగ్ ఇవన్నీ ఖర్చే, ఆలోచించే పని లేదు. కొత్తగా కలర్ సార్టర్ పెట్టారా, అది ఆస్తే. దాని కంప్రెసర్, ప్లాట్‌ఫారం, బిగింపు కూలీ, ట్రయల్ రన్ ఖర్చు కూడా దాని ధరలోకే వెళ్తాయి. "ఐదు వేల లోపైతే ఖర్చు" అన్న లెక్క పాత 1956 కంపెనీల చట్టం షెడ్యూల్ 14 నుంచి మిగిలిపోయిన అలవాటు. ఇప్పటి 2013 చట్టం షెడ్యూల్ 2లో అది లేదు. మీ కంపెనీ స్థాయికి తగ్గ పరిమితి ఒకటి రాతపూర్వకంగా పెట్టుకుని ఏటా అదే పాటించండి, చాలు.

చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. పాతదాని స్థానంలో కొత్తది పెడతాం, మొత్తం పెద్దది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, అయినా కొత్త యంత్రం కాదు. బాయిలర్ ట్యూబుల సెట్టు అలాంటిదే.

మిర్యాలగూడ వైపు ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ మిల్లు అనుకుందాం. 2018 ఏప్రిల్ 1న రూ. 24 లక్షలకు బాయిలర్ కొన్నారు. ఆయుష్షు 15 ఏళ్ళు, చివర 5 శాతం మిగులు విలువ, స్ట్రెయిట్ లైన్ పద్ధతి. ఏడేళ్ళు నడిచాక 2025 ఏప్రిల్ మొదట్లో ట్యూబులన్నీ మార్చారు. బిల్లు రూ. 4.80 లక్షలు. పాత ట్యూబులు తుక్కుకు అమ్మితే రూ. 30 వేలు వచ్చాయి.

ఈ బిల్లును రాయడానికి మూడు దారులున్నాయి. మొదటి దారిలో మొత్తం రిపేర్లలో వేస్తారు. తుక్కు డబ్బు పోను ఆ ఏడాది లాభంలో రూ. 4.50 లక్షలు తగ్గుతుంది. ఆస్తుల రిజిస్టర్ జోలికే పోరు. సులువైన పని, చాలామంది చేసేదీ ఇదే. కానీ కంపెనీలు పాటించాల్సిన ఏఎస్ 10 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం చూస్తే ఇంత పెద్ద భాగం ఇన్నేళ్ళు పనికొస్తుంటే అది ఆస్తే. కొన్ని గంటలు నడిచాక లోపలి లైనింగ్ మార్చాల్సిన ఫర్నేసును ఆ స్టాండర్డే ఉదాహరణగా చెబుతుంది. బాయిలర్ ట్యూబులు దానికి దగ్గరి చుట్టాలు.

రెండో దారిలో రూ. 4.80 లక్షలు బాయిలర్ ధరకు కలిపేసి ఊరుకుంటారు. నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. రిజిస్టర్‌లో బాయిలర్ ఇప్పుడు రూ. 28.80 లక్షలు. తుక్కు వ్యాపారి ఎత్తుకుపోయిన పాత ట్యూబులు కూడా అందులోనే ఉన్నాయి, వాటిమీద డిప్రిసియేషన్ నడుస్తూనే ఉంది. ఇంకో రెండుసార్లు ఇలాగే చేస్తే రిజిస్టర్‌లో నాలుగు సెట్ల ట్యూబులుంటాయి, బాయిలర్‌లో ఒకటే సెట్టు.

మూడో దారిలో కొత్తవి చేర్చి, పాతవి తీసేస్తారు. పాత ట్యూబుల ధర 2018 బిల్లులో విడిగా లేదు. అప్పుడు ఇప్పటి మార్పిడి ఖర్చును ఆధారంగా తీసుకుని, కొన్ననాటి ధరను అంచనా వేయమని ఏఎస్ 10 చెబుతుంది. మన మిల్లు దగ్గర 2018 నాటి కొటేషన్ ఒకటి దొరికింది, రూ. 3.60 లక్షలు. అందులో 95 శాతాన్ని 15 ఏళ్ళకు పంచితే ఏడాదికి రూ. 22,800, ఏడేళ్ళకు రూ. 1,59,600. అంటే పుస్తకంలో ఇంకా మిగిలింది రూ. 2,00,400. తుక్కు డబ్బు పోను రూ. 1,70,400 నష్టంగా రాయాలి. కొత్త ట్యూబులను వేరే వరుసలో రూ. 4.80 లక్షలకు ఎక్కించి, పాత సెట్టు ఏడేళ్ళు వచ్చింది కాబట్టి ఏడేళ్ళ ఆయుష్షు పెడితే ఏడాదికి డిప్రిసియేషన్ సుమారు రూ. 65 వేలు. మొదటి ఏడాది మొత్తం భారం రూ. 2.35 లక్షల చిల్లర.

ఆ నష్టం చూసి యజమానులు ముఖం చిట్లిస్తారు. "ఆస్తిలో వేసినా నష్టం ఎందుకు సార్?" అని. పాత ట్యూబులు 15 ఏళ్ళు వస్తాయని లెక్క వేశాం, ఏడేళ్ళకే పోయాయి. ఇన్నాళ్ళూ తక్కువ రాసిన డిప్రిసియేషనే ఈ నష్టం.

నా లెక్కలో అసలు తేల్చేది మొత్తం, ఆయుష్షు మాత్రమే కాదు. పాతదాన్ని రిజిస్టర్‌లోంచి తీయగలమా లేదా అన్నది కూడా. అది కొన్న రోజునే ఖాయమైపోతుంది. "బాయిలర్, రూ. 24 లక్షలు" అని ఒకే వరుస రాసుకుంటే ఏడేళ్ళ తర్వాత కొటేషన్ల కోసం బీరువాలు వెతకాలి. బాయిలర్ షెల్, ట్యూబుల సెట్టు, ఫ్యాన్లు, చిమ్నీ అని ఆరోజే నాలుగు వరుసలు రాసి, ఒక్కోదానికి దాని ఆయుష్షు పెట్టి ఉంటే ఈ పని పది నిమిషాలది. పెద్ద భాగానికి ఆయుష్షు వేరుగా ఉంటే విడిగా చూపాలని షెడ్యూల్ 2 కూడా అంటుంది. కాబట్టి ట్యూబుల సెట్టుకు నా ఓటు మూడో దారికే. పాతదేదో గుర్తుపట్టలేని చిన్న చిల్లర భాగాలైతే ఖర్చువైపే మొగ్గుతాను. మొత్తం పెద్దదైతే మాత్రం గుర్తుపట్టలేకపోయామన్న సాకు చెల్లదు, అంచనా వేసైనా తీయాల్సిందే.

ఇక పన్ను సంగతి. పుస్తకంలో ఆస్తిగా చూపినంత మాత్రాన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా అడగకూడదని లేదు, అక్కడి కొలత వేరు. ఉన్న యంత్రాన్ని నడిచే స్థితిలో ఉంచడమే కరెంట్ రిపేరు, కొత్త ఆస్తిని తేవడం కాదు. 2007లో సరవణ స్పిన్నింగ్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతే గీసింది. మిల్లులో ప్రతి యంత్రమూ దేనికదే కాబట్టి నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మొత్తాన్ని మార్చడం రిపేరు కాదంది. మన మిల్లుకు అన్వయిస్తే ఎలివేటర్ బెల్టు మార్చడం రిపేరు, ఎలివేటర్‌నే మార్చడం కాదు. బాయిలర్ అదే ఉండి ట్యూబులు మాత్రమే మారితే రిపేరుగా అడగడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. పుస్తకానికీ పన్నుకూ వచ్చే తేడాను డిఫర్డ్ టాక్స్‌లో చూపాలి.

షెడ్డు విషయం వేరు. అదే ఏడాది ఈ మిల్లు గోడౌన్ పైకప్పు రేకులు మార్చింది. యంత్రాలకైతే ఆస్తిలో వేసినా జీఎస్టీ క్రెడిట్ వస్తుంది, ఆ పన్ను మొత్తాన్ని ధరలో కలిపి డిప్రిసియేషన్ తీసుకోకపోతే చాలు. భవనానికి అలా కాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం సొంత భవనం మరమ్మతైనా సరే, ఎంతమేరకు క్యాపిటలైజ్ చేస్తే అంతమేరకు క్రెడిట్ పోతుంది. అకౌంటెంట్ అలవాటుగా బిల్లు మొత్తం భవనానికి కలిపేశాడు. పగిలిన రేకుల స్థానంలో అవే రకం రేకులు, అంతే విస్తీర్ణం. అది మామూలు మరమ్మతే. మార్చి 31 లోపు ఎంట్రీ సరిచేసి రిపేర్లలోకి మార్చాం, క్రెడిట్ నిలిచింది. రేకులతోపాటు కొత్తగా పొడిగించిన వరండా బిల్లు మాత్రం భవనంలోనే ఉంచాం, దాని క్రెడిట్ వదులుకున్నాం.