మూతల యంత్రం ఆగిపోతోంది: సెన్సర్ మార్చాలా, గాలి లైన్ బాగుచేయాలా?

బాటిలింగ్ లైన్‌లో మూతల యంత్రం పదేపదే ఆగుతోంది. కారణాలను కొమ్మలుగా చూపే లోప వృక్షం గీస్తే పైన ‘లేదా’ గేటు, దాని కింద రెండు కొమ్మలు; వాటిలో ఏ ఒక్కటి జరిగినా యంత్రం ఆగుతుంది. ఒకటి, గాలి పీడనం పడిపోవడం: షిఫ్టుకు సంభావ్యత 0.05 అనుకుందాం. రెండోది ‘మరియు’ గేటు: మూతల దారి ఇరుక్కోవాలి (0.1), హెచ్చరించే సెన్సర్ దాన్ని గుర్తించకపోవాలి (0.1). గుణిస్తే 0.01. మొత్తం సుమారు 0.06.

సెన్సర్ మార్చి దాని లోపాన్ని సగం చేస్తే మొత్తం 0.055. గాలి లైన్‌లో నీటిని తీసే ఏర్పాటుతో పీడన సమస్య సగమైతే 0.035. గాలి లైనే మేలు. చాలామంది సెన్సర్ వైపే మొగ్గుతారు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి.

అయితే గుణకారం చెల్లేది రెండు లోపాలూ స్వతంత్రమైతేనే. మూతల ప్లాస్టిక్ పొడి దారినీ ఇరికించి, సెన్సర్ కంటినీ కప్పేస్తే 0.01 కాస్తా 0.1 దాకా పెరగవచ్చు. అప్పుడు గాలి లైన్ వెనకబడుతుంది. అదే రకం కొత్త సెన్సర్ కూడా పొడికి గుడ్డిదే, పొడిని ఊదేయాల్సిందే. ఆగిన సమయాల పుస్తకంలో 100 షిఫ్టులు చూడండి. రెండు లోపాలూ కలిసి ఒకటి రెండు సార్లకు మించి చాలా ఎక్కువగా కనిపిస్తే అనుమానించాల్సింది పొడినే.