చెప్పిన మందు వాడాలా, చూపిన నొప్పి వెతకాలా?

పోయినేడు ఒక షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ రాశాను. అమ్మానాన్నలు ముంబైకి వలసపోతే, మహబూబ్‌నగర్ దగ్గర ఊళ్లో అవ్వతో మిగిలిన పిల్లాడి కథ. 24 పేజీలు. పేజీకి నిమిషం లెక్కేస్తే 24 నిమిషాలు. మా తెలుగు సార్‌కూ, హైదరాబాద్‌లో స్క్రిప్టులు చదివే ఒకాయనకూ ఇచ్చాను.

9 నుంచి 12 పేజీల్లో అవ్వ తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేరుస్తుంటుంది, పిల్లాడు తొవ్వ దిక్కు చూస్తుంటాడు. ఇద్దరూ అక్కడే ఆగారు. "అవ్వ గతం ఇంకొంచెం చెప్పు" అన్నారు సార్. "సాగుతోంది, సగం తీసెయ్" అన్నాడాయన.

ముందు సార్ మాట విన్నాను. 27 పేజీలైంది, విసుగు ఇంకా పెరిగింది. తర్వాత ఆయన మాట విని సగం కోశాను. వేగం వచ్చింది కానీ, పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడో అర్థం కాలేదు. పోనీ రెండూ వదిలేద్దామా అంటే, ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకేచోట ఆగారంటే అక్కడ ఏదో ఉన్నట్టే కదా. తెలియనిదల్లా అదేమిటన్నదే.

అప్పుడు వాళ్లు చెప్పిన మందులు పక్కనపెట్టి, 9వ పేజీకి వచ్చేసరికి చదివేవాళ్లకు ఏం తెలుసో కాగితం మీద రాసుకున్నాను. అమ్మ ఎప్పుడొస్తానందో ఎక్కడా లేదు! ఎదురుచూపుకు గడువే లేనప్పుడు ఎంత రాసినా సాగుతున్నట్టే ఉంటుంది. 4వ పేజీలో బస్సెక్కే ముందు అమ్మతో "బతుకమ్మకల్ల వస్త బిడ్డా" అనిపించాను. అవ్వ సీన్లలో ఒక పేజీ మాత్రమే తీశాను. ఇప్పుడు అవ్వ ఒక్కో వరుస పేరుస్తుంటే గడువు దగ్గర పడుతున్నట్టుంది.

కానీ అన్ని సలహాలకూ ఇంత తవ్వకం అక్కర్లేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోకుండానే వాళ్లు బయల్దేరినట్టు రాశాను. "పాలమూరు లేబర్‌కు అడ్వాన్సు ఇచ్చే కట్టేస్తార్రా" అన్నారు సార్. అది వాస్తవం విషయంలో తప్పు, ఆ రాత్రే దిద్దాను. ఆ అడ్వాన్సు తీరేదాకా అమ్మ అనుకున్నప్పుడు రావడానికి వీల్లేదు కాబట్టి, ఆమె రాకపోవడానికి నేను కల్పించిన జ్వరం కూడా ఎగిరిపోయింది.

సార్ "వస్త"ను "వస్తాను" చేయమన్నది మాత్రం ఒప్పుకోలేదు. అర్థం కాలేదా, నచ్చలేదా అని అడిగాను. "అర్థమైందిలే, రాతలో బాగుండదు" అన్నారు. అర్థం కాకపోతే నాది తప్పు, నచ్చకపోతే అది ఆయన అభిరుచి. పైగా అది పాలమూరు తల్లి మాట.

రెండో డ్రాఫ్ట్ 23 పేజీలు. సార్ తిరిగిచ్చిన కాపీలో 4వ పేజీ "వస్త" కింద ఎర్ర గీత అలాగే ఉంది.