ఫోన్ సమయం మనమే చెప్పాలా, కస్టమర్‌ను అడగాలా?

ఫిర్యాదు చేసిన కస్టమర్‌కు క్షమాపణ ఈమెయిల్ రాస్తూ, ఫోన్‌లో మాట్లాడదామని కోరేటప్పుడు రెండు పద్ధతులున్నాయి: సమయం మనమే చెప్పడం, లేదా కస్టమర్‌నే అడగడం.

"మీ ఫ్రిజ్ తలుపు సొట్టతో వచ్చింది, రెండుసార్లు ఫిర్యాదు చేసినా మా మనిషి రాలేదు, క్షమించండి" అన్న వాక్యం ఏ పద్ధతిలోనైనా ఈమెయిల్ మొదట్లోనే ఉండాలి. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న అరిగిపోయిన మాట, ఫిర్యాదు చదవలేదన్న అనుమానాన్నే పెంచుతుంది.

మనమే చెబితే: "బుధవారం ఉదయం 11 గంటలకా, గురువారం సాయంత్రం 6 గంటలకా?" అన్నదానికి కస్టమర్ ఒక్క మాటతో బదులివ్వవచ్చు, అయితే జవాబు వచ్చేదాకా, నిర్ణయం తీసుకోగల అధికారి ఆ రెండు వేళలనూ ఖాళీగా ఉంచుకోవాలి.

కస్టమర్‌ను అడిగితే: మనకు శ్రమ తక్కువే గాని, విసిగిన మనిషికి మరో పని అప్పగించినట్టవుతుంది.

హైదరాబాద్‌లోని తల్లిదండ్రుల కోసం అమెరికా నుంచి కొన్నవారైతే, వేళల తేడా వల్ల అడగడమే మేలు. ఊళ్లోనే ఉన్నవారికి రెండు సమయాలు ఇవ్వాలి.