రెండో గొంతు వచ్చేదాకా యూఎస్‌బీ మైకే: ఐదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఐదేళ్లుగా వారానికి రెండుసార్లయినా మైకు ముందు కూర్చుంటున్నాను. ఒకరోజు ఒక్కడినే కథ చదువుతాను. ఇంకోరోజు మా బావా నేనూ ఎదురెదురుగా కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నది రికార్డు చేస్తాం. మొదటి మూడేళ్లు యూఎస్‌బీ మైకులతో నడిచింది. ఆ తర్వాత మూడు పిన్నుల కేబుల్ తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు రెండు, వాటిని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ వచ్చాయి. ఏది కొనాలని అడిగేవాళ్లంతా ముందు అడిగేది "సౌండు ఎంత తేడా?" అనే. నేను మారింది సౌండు కోసం కాదు. మైకు లోపల ఉండే గడియారం వల్ల మారాల్సి వచ్చింది.

ముందు ఆ సౌండు సంగతి తేల్చేస్తాను. యూఎస్‌బీ మైకంటే మైకు, దాని బలహీనమైన సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్, దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్, ఈ మూడూ ఒకే డబ్బాలో ఉన్న వస్తువు. ఎక్స్‌ఎల్‌ఆర్ దారిలో మైకు ఒకచోట, మిగతా రెండూ ఇంటర్‌ఫేస్‌లో ఉంటాయి. పనులు అవే, కాపురాలు వేరు. శామ్సన్ క్యూ2యూ, షూర్ ఎంవీ7 లాంటి మైకులకి రెండు రకాల సాకెట్లూ ఉంటాయి. అలాంటి ఒక మైకు మీద ఒకే పేరా ఒకే దూరం నుంచి ముందు యూఎస్‌బీలో, తర్వాత ఇంటర్‌ఫేస్‌లో చదివాను. రెండింటి లెవెల్ సమానం చేసి, పది ముక్కలుగా కోసి, కలగలిపి మా బావకి వినిపించాను. ఐదు సరిగ్గా చెప్పాడు. నాణెం ఎగరేసినా అన్నే వచ్చేవి. మనిషి మాట వరకే రికార్డు చేసేవాళ్లకి ఆ రెండు దారుల మధ్య చెవికి తెలిసే తేడా దాదాపు ఉండదు. గదిలో ప్రతిధ్వని ఉందా, నోటికీ మైకుకీ మధ్య ఎంత దూరం ఉంది, ఈ రెండింటి తేడా మాత్రం ఎవరి చెవికైనా దొరుకుతుంది.

ఇక గడియారం. బావ నాతో కలిసిన కొత్తలో అతనికీ ఒక యూఎస్‌బీ మైకు కొన్నాం, నా దగ్గరున్న మోడలే. రెండూ ఒకే కంప్యూటర్‌కి తగిలిస్తే నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఒక రికార్డింగ్‌కి ఒక్క పరికరాన్నే తీసుకుంటుంది. సరేలే అని బావ లాప్‌టాప్‌లో అతని గొంతు, నా దాంట్లో నా గొంతు రికార్డు చేశాం. మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టి, ఎడిటింగ్‌లో ఆ రెండు చప్పట్లనీ ఒకదాని కింద ఒకటి సరిపెట్టాను. మొదటి నిమిషం భేషుగ్గా ఉంది. ఐదో నిమిషానికి మా గొంతులు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టయ్యాయి. పావుగంట దాటిన చోటు విని బావ ఫోన్ చేశాడు: "ఏం చేశావ్ బావా? నేను మాట్లాడుతుంటే వెనకాల ఇంకో నేను మాట్లాడుతున్నాను!"

నెట్‌వర్క్ అనుకున్నాను, సాఫ్ట్‌వేర్ అనుకున్నాను, బావ లాప్‌టాప్‌ని కూడా తిట్టుకున్నాను. అసలు కారణం వేరు. ప్రతి యూఎస్‌బీ మైకులో సొంత కన్వర్టర్ ఉన్నట్టే, దాన్ని గడియారంలా నడిపే సొంత స్ఫటికం కూడా ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ అని రాసుంటే సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే సౌండు కొలతలు, తీయాలి. ఏ స్ఫటికమూ అంత కచ్చితంగా ఉండదు. ఒకటి 48,000 తీసేలోపు ఇంకోటి 48,002 తీస్తుంది. ఆ రెండే కొంప ముంచేది.

మా రికార్డింగ్ లెక్కే చూడండి. 52 నిమిషాలంటే 3,120 సెకన్లు. సెకనుకు రెండు శాంపిళ్లు అదనంగా వస్తే మొత్తం 6,240 శాంపిళ్లు. దాన్ని 48,000తో భాగిస్తే 0.13 సెకను. చివర్లో కొట్టిన చప్పట్లు రెండు ట్రాకుల్లో సరిగ్గా అంత ఎడంగా కనిపించాయి. ఒకే గదిలో కూర్చున్నాం కాబట్టి నా మైకులోకి బావ గొంతు, అతని మైకులోకి నా గొంతు కొంత పడుతూనే ఉంటాయి. ఒకే గొంతు రెండు ట్రాకుల్లో కొద్దిపాటి ఆలస్యంతో కలిసినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఐదో నిమిషంలో విన్న రేకు డబ్బా అదే, అప్పటికి ఎడం 12 మిల్లీసెకన్లు. పావుగంటకి అది 37 మిల్లీసెకన్లు దాటి, విడిగా వినిపించే ప్రతిధ్వనిగా తేలింది. మీ రికార్డింగ్‌లో ఇదే జరుగుతోందా అని తేల్చుకోవాలంటే మొదట ఒకసారి, చివర ఒకసారి చప్పట్లు కొడితే చాలు. మొదటిది సరిపెట్టాక చివరిది తప్పిపోతే గడియారాలు కలవలేదన్నమాటే. రెండుచోట్లా ఒకే ఎడం ఉంటే మాత్రం అది మీరు సరిపెట్టడంలో జరిగిన పొరపాటు.

దీనికి మందు లేకపోలేదు. పొడవైన ట్రాకు వేగం సుమారు 0.0042 శాతం పెంచితే చివరి చప్పట్లు కలుస్తాయి. ఏడాదికి పైగా ప్రతి శనివారం రాత్రి ఈ లెక్క కట్టాను. మైకు వేడెక్కేకొద్దీ గడియారం కొంచెం మారుతుంది కాబట్టి పోయిన వారం అంకె ఈ వారానికి పనికిరాదు. మాక్‌లో అయితే `Audio MIDI Setup` తెరిచి, రెండు మైకుల్నీ `Aggregate Device`గా కలిపి, రెండో దానికి `Drift Correction` టిక్ పెట్టొచ్చు. స్నేహితుడి మాక్‌లో పెట్టి చూశాం, బాగానే పనిచేసింది. నాకు మాక్ లేదు, కేవలం ఇందుకోసం కొనే ఉద్దేశమూ లేదు.

ఇంటర్‌ఫేస్‌లో ఈ గొడవే పుట్టదు. దానికి ఎన్ని ఇన్‌పుట్‌లున్నా గడియారం ఒక్కటే. అది తప్పు నడిచినా రెండు గొంతులూ కలిసే తప్పు నడుస్తాయి. మొదటిసారి దానితో గంట రికార్డు చేసి చివరి చప్పట్లు చూసినప్పుడు రెండు అలలూ ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. నా శనివారం రాత్రులు నాకు తిరిగి వచ్చాయి.

అలాగని కొత్త కాపురం సాఫీగా మొదలవలేదు. గెయిన్ గురించి, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాల్సి వస్తుందన్నది తెలుసుకోకుండా మైకు కొనడం నా తప్పే. ఎక్స్‌ఎల్‌ఆర్ డైనమిక్ మైకుల్లో కొన్ని చాలా నీరసమైన సిగ్నల్ ఇస్తాయి. షూర్ ఎస్‌ఎం7బీ లాంటి దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని అందరూ చెప్పుకుంటారు. నేను కొన్న మైకూ ఆ కోవదే, నా ఇంటర్‌ఫేస్ ఇచ్చేదేమో 56. నాబ్ చివరిదాకా తిప్పితే గొంతు వెనకాల స్టవ్ మీద నీళ్లు కాగుతున్నట్టు ఒకటే "స్‌స్‌స్". సిగ్నల్ పెంచే చిన్న బూస్టర్ ఒకటి కొనబోయి, చివరి నిమిషంలో స్కేలు పెట్టి కొలిస్తే నోటికీ మైకుకీ మధ్య 24 సెంటీమీటర్లు ఉంది. దూరం సగమైనప్పుడల్లా గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 24 నుంచి 12కి, 12 నుంచి 6కి వస్తే మొత్తం 12. అంతమేర గెయిన్ తగ్గించేశాను. గొంతు లెవెల్ మారలేదు కానీ, ఏమీ మాట్లాడనప్పుడు మీటర్ మీద −53 డెసిబెల్స్ దగ్గర కదలాడే రొద −64కి పడిపోయింది. ఆడియోబుక్‌ల కోసం ఆడిబుల్ వాళ్ల ఏసీఎక్స్ వేదిక అడిగేది −60 కంటే తక్కువ. బూస్టర్ కొనలేదు. అంత దగ్గరగా కూర్చుంటే "ప", "భ" అన్నప్పుడల్లా గాలి దెబ్బ తగులుతుంది కాబట్టి, మైకుని పెదవుల మూలకి జరిపి, నోటి వైపు వాలుగా తిప్పి పెట్టుకున్నాను.

ఇంకో చిన్న దెబ్బ. మొదటి ఇన్‌పుట్‌లో మైకు పెట్టి స్టీరియో ట్రాకు మీద రికార్డు చేస్తే గొంతు ఎడమ చెవిలో మాత్రమే వినిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ మొదటి ఇన్‌పుట్‌ని ఎడమగా, రెండోదాన్ని కుడిగా పంపుతుంది మరి. మైకు పాడైందని అరగంట కేబుళ్లు మార్చాక తెలిసింది. ఒక గొంతుకి మోనో ట్రాకు పెట్టుకోండి, చాలు.

అరుగుదల విషయంలో ఎక్స్‌ఎల్‌ఆర్‌ది స్పష్టంగా పైచేయి. నా మొదటి యూఎస్‌బీ మైకు సాకెట్ రెండేళ్లు దాటేసరికి వదులైంది. కేబుల్‌ని వేలితో తాకితే చాలు, రికార్డింగ్ మధ్యలో పరికరం మాయమయ్యేది. సాకెట్ అతికించి ఉన్నది లోపలి బోర్డుకే కాబట్టి, ఆ చిన్న రంధ్రం పోతే మైకు మొత్తం పోయినట్టే. పోయిన ఏడాది నా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో గరగర మొదలైంది. కనెక్టర్ విప్పితే మూడు పిన్నుల్లో ఒకదాని తీగ ఊడి ఉంది. పది నిమిషాల సోల్డరింగ్‌తో సరిపోయింది. టంకం పెట్టడం రాకపోతే కేబుల్ ఒక్కటి మార్చుకుంటే అయిపోతుంది, మైకుకేమీ కాదు.

కానీ ఊరెళ్లాల్సి వస్తే నా చేయి ఇప్పటికీ యూఎస్‌బీ మైకు మీదికే పోతుంది. ఒక మైకు, ఒక కేబుల్, సంచిలో ఓ మూల. హెడ్‌ఫోన్లు కూడా దానికే తగిలించి నా గొంతు ఆలస్యం లేకుండా వినొచ్చు. ఒకసారి ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయిన మర్నాడు ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్ గుర్తుపట్టనే లేదు, కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆరు రోజులు కూర్చోవాల్సి వచ్చింది. ఆ వారం కథ చదివింది పాత యూఎస్‌బీ మైకు మీదే. డ్రైవర్ అడగని ఇంటర్‌ఫేస్‌లూ ఉంటాయి. ఇప్పుడు కొనాల్సి వస్తే ముందు చూసేది అదే.

మొన్న మా అక్క పిల్లల కథలు చదివి రికార్డు చేస్తానంది. "ఏది కొనమంటావురా?" అంటే "ఎంతమంది మాట్లాడతారక్కా?" అని అడిగాను. "నేనొక్కదాన్నే. ఆ మధ్య మా ఆయన కూడా గొంతు కలుపుతానన్నారు, నమ్మకం లేదనుకో," అంది. రెండు సాకెట్లూ ఉన్న డైనమిక్ మైకు ఒకటి కొనిపించాను. ప్రస్తుతం యూఎస్‌బీ మీదే చదువుతోంది. వాళ్లాయన నిజంగా కూర్చున్న రోజున అలాంటిదే ఇంకోటి, రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒకటి, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు తెచ్చుకోవాలి. ఇప్పుడున్న మైకుని పక్కన పడేయాల్సిన పని లేదు. నాలుగు నెలలైంది, ఆయన ఇంకా కూర్చోలేదట.