రిజర్వ్ బ్యాంకు ఫ్యాన్ చార్ట్: మిర్యాలగూడ మిల్లు లెక్కల్లో ఏళ్లుగా వాడి చూశాక

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు లెక్కలు రాయడం నా పని. వడ్లు దిగే సీజన్‌లో మిల్లు నడిచేది క్యాష్ క్రెడిట్ ఖాతా మీదే. చిన్న మిల్లులు 2019 అక్టోబరు తర్వాత తీసుకున్న ఫ్లోటింగ్ అప్పులకు వడ్డీ బయటి రేటుతో ముడిపడి ఉంటుంది. మా దగ్గర ఎక్కువ ఖాతాలకు అది రెపో రేటే, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ. రెండు కోట్ల లిమిట్ పూర్తిగా వాడే మిల్లుకు రెపో ఒక్క శాతం పెరిగితే ఏడాదికి రెండు లక్షలు అదనం. అందుకే రిజర్వ్ బ్యాంకు వేసే ద్రవ్యోల్బణం ఫ్యాన్ చార్ట్ నా బల్ల మీదికి వచ్చింది. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో వచ్చే మానిటరీ పాలసీ రిపోర్ట్‌లో అది ఉంటుంది. ముందే చెప్పేస్తున్నా, వాడదగ్గ వస్తువే. కానీ చాలామంది చూసే పద్ధతిలో చూస్తే మాత్రం నష్టం.

ఎడమ వైపు ఒకే గీత ఉంటుంది, అది జరిగిపోయిన ద్రవ్యోల్బణం. ఇవాళ్టి దగ్గర నుంచి ఆ గీత చుట్టూ రంగు పట్టీలు మొదలై, కుడికి పోయేకొద్దీ వెడల్పవుతాయి. మధ్యలో ముదురు రంగు పట్టీ 50 శాతం, దాని చుట్టూ ఉన్నది కలిపితే 70, అన్నిటికన్నా లేతది కూడా కలిపితే 90. కుడికి ఎందుకు విచ్చుకుంటుందంటే, వచ్చే మూడు నెలల ధరలు తప్పడానికి కారణాలు కొన్నే ఉంటాయి. ఏడాది తర్వాతి ధరలకైతే మధ్యలో ఒక వానాకాలం ఉంది, చమురు ధర ఉంది, డాలరు ఉంది. ఒక త్రైమాసికంలో పడిన తేడా తర్వాతి త్రైమాసికంలోకి కూడా పాకుతుంది.

నేను చదివే తీరు ఇది. చార్ట్ మీద ఒక్క త్రైమాసికాన్ని ఎంచుకుని, అక్కడ స్కేలు నిలువుగా పెట్టి, ఆ ఒక్క గీటు మీద ఏముందో మాత్రమే చూస్తాను. ఒక ఊహాజనిత చార్ట్‌తో చెప్తా. జనవరి–మార్చి త్రైమాసికం దగ్గర మధ్య గీత, అంటే రిజర్వ్ బ్యాంకు అంచనా, 4.5 శాతం మీద ఉందనుకోండి. 50 శాతం పట్టీ 3.5 నుంచి 5.5 దాకా ఉంది. అంటే ఆ త్రైమాసికం సగటు ద్రవ్యోల్బణం ఈ రెండింటి మధ్య ఉండే అవకాశం సగం, బయట ఉండే అవకాశం కూడా సగం. ముదురు రంగు కాబట్టి "పక్కా" అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. నాణెం ఎగరేసినంత భరోసానే అది ఇచ్చేది.

మా సేట్లకు కావలసింది వేరే ప్రశ్న: 6 శాతం దాటుతుందా? రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 వరకు ఓర్చుకుంటుంది. 6 పైన చాలాకాలం నిలబడితే వడ్డీ పెంచక తప్పని పరిస్థితి వస్తుంది. దీనికి టేబుళ్లు, ఫార్ములాలు అక్కర్లేదు, ఏ పట్టీ అంచు 6ను తాకుతోందో చూస్తే చాలు. పైన చెప్పిన చార్ట్‌లో 70 శాతం పట్టీ పై అంచు దాదాపు 6 దగ్గర పడుతుంది. 70 లోపల ఉంటే 30 బయట. పట్టీ రెండు వైపులా సమానంగా ఉంటే ఆ 30లో సగం పైన, సగం కింద. అంటే 6 దాటే అవకాశం సుమారు 15 శాతం. అదే 50 శాతం పట్టీ అంచు 6ను తాకితే అవకాశం 25 శాతం, 90 శాతం అంచు తాకితే 5. ఈ మూడు అంకెలు గుర్తుంటే రిపోర్ట్ పట్టుకుని అప్పటికప్పుడే చెప్పేయొచ్చు.

రెండు వైపులా సమానమేనా అన్నది కూడా స్కేలుతోనే తెలుస్తుంది. మధ్య గీత నుంచి పై అంచుకు, కింది అంచుకు కొలవండి. పైకి ఎక్కువ ఉంటే ధరలు అంచనాను మించే ముప్పే ఎక్కువని వాళ్ల లెక్క, అప్పుడు 15 అన్నది ఇంకొంచెం పెంచుకోవాలి. ఇంకో గుర్తు: అంచనా తప్పులు మామూలు గంట ఆకారంలో పరుచుకుంటాయనుకుంటే, 50 శాతం పట్టీ సగం వెడల్పు 1 అయినచోట 70ది ఒకటిన్నర, 90ది దాదాపు 2.4 ఉండాలి. అట్లా లేకపోతే నేను ఒకటికి రెండుసార్లు కొలుస్తాను.

ఇంక అసలు చిక్కు. ఒక మిల్లు సేటు చార్ట్ చూసి అడిగిన మాట: "ఏమన్నా, గీ పై అంచు మీదనే పోతే మన వడ్డీ ఎంతైతది?" సహజమైన ప్రశ్నే. అంచులు నున్నగా కలిపి గీస్తారు కాబట్టి అది ధరలు నడిచే దారిలా కనిపిస్తుంది. అది దారి కాదు. ఒక్కో త్రైమాసికానికి విడివిడిగా వేసిన హద్దుల్ని కలిపిన గీత మాత్రమే. ఈ త్రైమాసికం 90 శాతం పై అంచు దాటే అవకాశం 5 శాతం, తర్వాతి దానికీ 5 శాతం. వరుసగా నాలుగూ అక్కడే ఉండే అవకాశం 5 కన్నా తక్కువ. పై అంచు పట్టుకుని ఏడాది బడ్జెట్ వేస్తే అనవసరంగా డబ్బు కట్టేసుకుంటాం.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నాలుగు త్రైమాసికాల్లో ఒక్కసారైనా 6 దాటే అవకాశం, ఏదో ఒక్క త్రైమాసికం అవకాశం కన్నా ఎక్కువ. ఒక్కోదానికి 15 ఉంటే మొత్తానికి 15కు తగ్గదు, 60కి మించదు. ధరలు ఒకసారి ఎక్కితే కొంతకాలం అక్కడే ఉంటాయి, నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కాబట్టి అసలు అంకె 60కి చాలా ఇవతలే ఉంటుంది. చార్ట్ మాత్రం ఆ ముడి ఎంతో చూపించదు. నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

పాత చార్టులు పారేయొద్దు, వాటి విలువ తర్వాతే తెలుస్తుంది. నెలనెలా వచ్చే వినియోగదారుల ధరల అంకెలు మూడేసి కలిపి సగటు తీసి, పాత చార్ట్ మీద పెన్సిల్‌తో చుక్క పెడతాను. 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు పాలసీ ప్రకటనలో జూలై–సెప్టెంబరు త్రైమాసికానికి అంచనా 5.2 శాతం. వచ్చింది జూలైలో 7.44, ఆగస్టులో 6.83, సెప్టెంబరులో 5.02. సగటు 6.4. ఒక్క త్రైమాసికం దూరంలోనే 1.2 తేడా. కారణం మన బజారులో అందరికీ తెలుసు, టమాటా కిలో వంద దాటిన రోజులవి.

2022ది వేరే కథ. ఆ ఫిబ్రవరి 10 నాటి పాలసీలో ఏప్రిల్–జూన్‌కు అంచనా 4.9. రెండు వారాలకే ఉక్రెయిన్ యుద్ధం. వచ్చిన సగటు 7.3, తేడా 2.4. అది 90 శాతం అంచును తాకేలోపే ఆగాలంటే, అంత దగ్గరి త్రైమాసికానికి 50 శాతం పట్టీ అటూ ఇటూ ఒక్కో శాతం వెడల్పుండాలి. దగ్గరి త్రైమాసికాలకు అంత వెడల్పు ఉండదు. తర్వాతి జూలై–సెప్టెంబరు కూడా 7.0. దీన్ని రెండు తప్పులుగా లెక్కేయకండి, ఒకే దెబ్బ రెండు త్రైమాసికాల్లో కనబడింది. పదింటిలో ఒకటి 90 బయట పడాలి కదా అని చుక్కలు లెక్కబెట్టేటప్పుడు ఈ గుంపును ఒకటిగా చూడకపోతే చార్ట్ ఉన్నదానికన్నా చెడ్డగా కనిపిస్తుంది.

తప్పడం ఎప్పుడూ పైకే అనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో అక్టోబరు–డిసెంబరుకు 3.8 అని అంచనా వేస్తే, అక్టోబరులో వచ్చింది 0.25 శాతం.

ఈ తేడాలకు మూలం రిపోర్ట్‌లోనే ఉంటుంది. చార్ట్‌తో పాటు చమురు ధర ఇంత, డాలరు ఇంత, వానాకాలం మామూలు అని అనుకున్న విషయాలు రాస్తారు. అంచనా వాటి మీదే నిలబడుతుంది. చమురు కొంత పెరిగితే, వాన సరిగా పడకపోతే ఏమవుతుందో విడిగా ఇంకో చోట లెక్క వేసి పెడతారు. నేను చార్ట్ కన్నా ముందు ఆ పేజీ చదువుతాను. అక్కడ రాసిన చమురు ధరకీ ఇవాళ్టి ధరకీ పెద్ద తేడా కనబడితే పట్టీలను నమ్మడం తగ్గిస్తాను, మధ్య గీతను అసలే పట్టించుకోను.

ఒక హద్దు మాత్రం తప్పక గుర్తుంచుకోవాలి. ఇది ధరల చార్ట్, రెపో చార్ట్ కాదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి 6.5కు ఎక్కింది. రెండు కోట్ల లిమిట్ మీద ఏడాదికి ఐదు లక్షలు. కానీ 2023 జూలైలో ధరలు 7.44 తాకినా రెపో కదల్లేదు, 2025 ఫిబ్రవరిలో తగ్గించేదాకా 6.5 దగ్గరే ఉంది. కూరగాయల మంట చల్లారుతుందని వాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కాబట్టి "6 దాటే అవకాశం 15" అన్నది "వడ్డీ పెరిగే అవకాశం 15" అని కాదు. ఏ సరుకు వల్ల దాటుతోంది, ఎంతకాలం ఉంటుంది అన్నది చూసే పని మనదే.

చిన్న చిరాకులు కూడా ఉన్నాయి. పీడీఎఫ్‌లో బొమ్మ చిన్నది, ఫోన్లో అంచులు కొలవడం కష్టం, ప్రింట్ తీసుకోండి. నిలువు స్కేలు ఒక రిపోర్ట్‌కీ ఇంకోదానికీ మారితే పట్టీ సన్నబడ్డట్టు కనిపిస్తుంది, అంకెలు చూడకుండా రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టొద్దు. అన్ని త్రైమాసికాల హద్దులూ అంకెల్లో కావాలంటే స్కేలే గతి. రిపోర్ట్ రాతలో కొన్నింటికే 50, 70 హద్దులు దొరుకుతాయి, 90ది దొరికితే అదృష్టం.

ప్రస్తుతం నేను వాడేది ఇలా. ధరలు మధ్య గీత దగ్గరే నడుస్తాయనుకుని ఏడాది వడ్డీ బడ్జెట్ వేస్తాను. 70 శాతం పై అంచు 6ను తాకిన త్రైమాసికాలు వరుసగా రెండు కనబడితే, రెపో అర శాతం పెరిగితే ఎంతవుతుందో విడిగా ఒక వరుస పెడతాను. మన రెండు కోట్లకు అది లక్ష. 90 శాతం అంచుకు బడ్జెట్‌లో వరుస ఉండదు. దానికి బదులు, సీజన్ మధ్యలో లిమిట్ నిండిపోకుండా బ్యాంకు వాళ్లతో ముందే ఒకసారి మాట్లాడి పెట్టుకోమని సేటుకు చెప్తాను.