5జీనా, 4జీనా? తిరుపతిలో ఏడాదికి పైగా వాడాక నా మాట

చాలామంది 5జీ అంటే చార్జింగ్ తినేస్తుంది అంటారు, నేను చూసినదాన్నిబట్టి అసలు సమస్య 5జీ కాదు, సగం సగం అందే 5జీ. మాది కొర్లగుంట వైపు, ఇరుకు సందులో కింది ఇల్లు. మేడ మీదికెళితే 5జీ ఫుల్లు. ముందు గదిలోనూ పర్లేదు, కానీ వెనక పడకగదిలోకి పోతే గుర్తు 5జీ, 4జీ, మళ్లీ 5జీ అని మారుతూనే ఉంటుంది. అక్కడ ఫోన్ ఊరికే పడి ఉన్నా వెచ్చగా అయ్యేది, సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిస్తే మొబైల్ నెట్‌వర్క్ అన్నది యాప్‌లన్నిటినీ దాటి పైన కూర్చునేది.

కారణం ఇదీ. నా సిమ్ కంపెనీ 5జీని 4జీ మీద ఆనించి నడుపుతుంది, అంటే డేటా కదిలినప్పుడల్లా ఫోన్ రెండు లింకులనూ పట్టుకోవాలి. పైగా వేగం ఎక్కువిచ్చే 3500 మెగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటేసరికి బాగా నీరసిస్తుంది. 5జీ కలుస్తుంది, తెగుతుంది, ఫోన్ మళ్లీ వెతుకుతుంది, వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ వచ్చినా ఇదే తంతు.

మీ ఇంట్లో పరిస్థితి తెలియాలంటే డయలర్‌లో *#*#4636#*#* కొట్టి ఫోన్ సమాచారం తెరవండి (కొన్ని ఫోన్లలో ఇది రాదు). సిగ్నల్ డీబీఎంలో ఉంటుంది, మైనస్ 85 అంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటిందంటే నీరసం. కాకపోతే ఇలా ఆనించి నడిపే చోట అది చాలాసార్లు 4జీ అంకెనే చూపిస్తుంది, కాబట్టి పైన గుర్తు ఎన్నిసార్లు మారుతోందో కూడా చూడండి.

నేను చేసేది సింపుల్: మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో Preferred network type అన్నచోట ఇంట్లో, రాత్రిపూట, చిత్తూరు బస్సులో 4జీ పెడతాను. చంద్రగిరి దాటాక దారిపొడవునా టవర్లు మారుతుంటే 5జీతో పేచీ తప్ప లాభం కనిపించలేదు, పాటలకీ మ్యాపులకీ 4జీ చాలు. ఆర్టీసీ బస్టాండ్ దగ్గర మాత్రం సాయంత్రం జనం ఎక్కువయ్యేసరికి 4జీ పాకుతుంది, అక్కడ 5జీ పెట్టాల్సిందే. సిగ్నల్ గట్టిగా ఉంటే పెద్ద ఫైలు త్వరగా దిగిపోతుంది, ఫోన్‌లో సిగ్నల్ పట్టే రేడియో త్వరగా నిద్రపోతుంది, అప్పుడు బ్యాటరీకీ నష్టం లేదు. బ్యాటరీ తేడా ఎంతంటే, ఇంట్లో ఉన్న రోజు 5జీతో సాయంత్రానికి చార్జర్ వెతుక్కునేవాణ్ని, 4జీతో పడుకునేదాకా వస్తుంది.

ఇంకోటి, అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ వాళ్లు జాగ్రత్త: 4జీకి మారిన క్షణం నుంచి రోజువారీ డేటా కోటాలోంచే పోతుంది. మా తమ్ముడు 4జీ పెట్టుకుని క్రికెట్ చూస్తూ కూర్చుంటే రెండో ఇన్నింగ్స్ మధ్యలో కోటా అయిపోయింది, తర్వాత నన్ను హాట్‌స్పాట్ ఆన్ చెయ్యమని ఒకటే గొడవ.